ఆరా, అరవయ్యా?

రాత్రి భోజనానికి ముందు వార్డులో ఇన్సులిన్ ఇవ్వాలి. కేస్ షీట్‌లో 6 పక్కన ‘యూనిట్లు’ అని రాయకుండా ఇంగ్లిష్ ‘యు’ అక్షరం గిలికారు. అది సున్నాలా కనిపిస్తోంది. ఆరు బదులు అరవై ఇస్తే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, మగత, చివరికి ఫిట్స్ కూడా రావచ్చు.

ఏ మందుకైనా నర్సు ముందుగా ఐదు సరిచూడాలి: రోగి, మందు, మోతాదు, ఇచ్చే మార్గం, సమయం. “మీరు రామారావు గారేనా?” అని అడిగితే మగతలో ఉన్న మనిషి దేనికైనా ఊఁ అంటాడు. “మీ పేరేమిటండీ?” అని ఆయన చేతే చెప్పించి, చేతి పట్టీ మీది నంబరుతో పోల్చాలి. మంచం నంబరును నమ్మకూడదు, మంచాలు మారుతుంటాయి.

ఇన్సులిన్‌లో మరో చిక్కుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ, 100 యూనిట్లవీ దొరుకుతాయి. 100 సీసాలోని మందును 40 సిరంజితో ఆరో గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 15 యూనిట్లు!

మరి ఆ రాత చూసి నర్సు ఏం చేయాలి? ఊహించకూడదు, పక్క నర్సు ఊహనూ తీసుకోకూడదు. మందు ఆపి, రాసిన డాక్టరునే అడగాలి. ఫోన్‌లో చెబితే “ఆరు యూనిట్లు, ఒకటి రెండు మూడు నాలుగు ఐదు ఆరులో ఆరు, అంతేనా సార్?” అని తిరిగి చదివి వినిపించాలి. తర్వాత ‘యూనిట్లు’ అని పూర్తిగా తిరగరాయించి, అడిగిన సమయం నోట్ చేయాలి. డాక్టరు దొరక్కపోతే డ్యూటీలో ఉన్న సీనియరును అడగాలి. ఈలోగా భోజనం ట్రే వచ్చినా, ఎవరు తొందరపెట్టినా సూది వేయకూడదు.