బంతి దగ్గర లేనప్పుడు ఏం చేసింది?

ఫుట్‌బాల్‌లో పిల్లలకు మార్కులు వేయాలంటే కోన్ల మధ్య డ్రిబుల్ చేయించడం, గోడకేసి పాస్‌లు కొట్టించి లెక్కపెట్టడం పాత అలవాటు. అక్కడ అడ్డుపడే ప్రత్యర్థి ఉండదు, బంతి ఎవరికివ్వాలన్న ఆలోచనా అక్కర్లేదు. అది ఆట కాదు. అందుకే ఆస్లిన్, మిచెల్, గ్రిఫిన్ అనే ముగ్గురు పరిశోధకులు 1998లో ‘గేమ్ పెర్ఫార్మెన్స్ అసెస్‌మెంట్ ఇన్‌స్ట్రుమెంట్’ను ప్రచురించారు. క్లుప్తంగా జీపీఏఐ. ఆడుతుండగానే పిల్లల్ని గమనించే పద్ధతి ఇది. ఇందులో ఏడు అంశాలున్నా అన్నీ ఒకేసారి చూడనక్కర్లేదు. మూడింటితో మొదలుపెట్టవచ్చు: నిర్ణయం, దాన్ని అమలుచేసిన తీరు, బంతి తన దగ్గర లేనప్పుడు సహచరులకు అందుబాటులోకి రావడం.

నలుగురు చొప్పున రెండు జట్లు చిన్న మైదానంలో ఆడుతున్నాయి. పీఈటీ ఒక అమ్మాయినే చూస్తూ, ప్రతిసారీ ‘సరైనది’ లేదా ‘సరికానిది’ కింద ఒక గీత గీస్తారు. ఖాళీగా ఉన్న సహచరికి పాస్ ఇవ్వబోతే బంతి పక్కకు పోయిందనుకోండి, నిర్ణయానికి మంచి గీత, అమలుకు చెడ్డ గీత పడతాయి. ఈ రెంటినీ విడదీసి చూడటమే ఈ పద్ధతి ప్రాణం. ఆ పిల్లకు నేర్పాల్సింది పాదం పెట్టే తీరేగాని ఆలోచన కాదని తెలిసేది ఇక్కడే.

ఇద్దరి లెక్క చూద్దాం. లలితకు నిర్ణయాల్లో 6 మంచివి, 4 చెడ్డవి. అమలులో 9, 1. సహకారంలో 2, 8. రజియాకు నిర్ణయాల్లో 4, 1. అమలులో 2, 3. సహకారంలో 9, 3.

మొదట్లో మంచి గీతల్ని చెడ్డ గీతలతో భాగించి, మూడు ఫలితాల సగటు తీసేవారు. అలా లలితకు సుమారు 3.6, రజియాకు 2.6 వస్తాయి. అమలులో వచ్చిన 9 ఒక్కటే లలిత సహకారంలోని లోటంతా కప్పేసింది. ఒక్క తప్పూ లేకపోతే సున్నాతో భాగించాల్సి వచ్చే చిక్కు మరొకటి. ఇలాంటి లోపాల్ని మెమ్మెర్ట్, హార్వే 2008లో ఎత్తిచూపారు. భాగించాల్సింది మొత్తం గీతలతో అనుకుంటే లలితకు 60, 90, 20 శాతాలు, సగటు 57. రజియాకు 80, 40, 75, సగటు 65. గీతలు అవే, ముందున్నది మాత్రం రజియా. నాకు ఈ రెండో లెక్కే న్యాయంగా తోస్తుంది. అయినా సగటు ఒక్కటే రాసిపెట్టడం పొరపాటు. రజియాకు పాసింగ్ సాధన కావాలి, లలితకు బంతి వదిలాక కదలడం నేర్పాలి. ఆ సంగతి చెప్పేవి విడివిడి అంకెలే.

అన్నిటికన్నా కష్టం సహకారాన్ని గుర్తించడం. పాస్‌ను ఇట్టే లెక్కపెట్టవచ్చు, పరుగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పలేం. కాబట్టి ‘బంతి ఉన్నవారికీ తనకూ మధ్య ప్రత్యర్థి లేని చోటికి వస్తేనే సరైనది’ వంటి నియమాన్ని ముందే రాసుకోవాలి. ఒకే వీడియో చూసి ఇద్దరు విడివిడిగా గీతలు గీసి పోల్చుకోవాలి. తేడా ఎక్కువగా ఉంటే దిద్దాల్సింది ముందుగా ఆ నియమాన్నే.