లేఖా రచన : తిరస్కృతమైన ఇన్వాయిస్

కోనసీమలో కొబ్బరికాయ వలిచిన తరువాత మిగిలిన డొక్క వృథా కాదు. దాని నుండి పీచు తీస్తారు. పీచు తీయగా రాలిన పొట్టును ఎండబెట్టి, యంత్రంతో అదిమి, 5 కిలోల దిమ్మలుగా తయారుచేస్తారు. నీటిని పట్టి ఉంచే గుణం గల ఈ దిమ్మలను నర్సరీలవారు మొక్కల పెంపకానికి కొంటారు. అంబాజీపేటలోని ఒక పీచు కంపెనీ కడియంలోని ఒక నర్సరీ సంస్థకు 400 దిమ్మలు పంపిందనుకొందాం. దిమ్మ ఒక్కింటికి 100 రూపాయల చొప్పున, పన్ను కాక, 40,000 రూపాయలు రావాలి. సరుకు క్షేమంగా చేరింది. కాని కొనుగోలు ఆర్డరు వివరాలు లేవన్న కారణంతో ఇన్వాయిస్ తిరస్కృతమైంది.

సరుకు అందిన తరువాత కూడా సొమ్ము ఎందుకు ఆగింది? కొనుగోలుదారు కార్యాలయంలో మూడు పత్రాలను సరిపోల్చిన తరువాతనే చెల్లింపు జరుగుతుంది. ఏమి కావాలో తెలిపేది ఆర్డరు. ఏమి అందిందో తెలిపేది సరుకు స్వీకరణ పత్రం. ఎంత చెల్లించాలో తెలిపేది ఇన్వాయిస్. ఈ మూడింటినీ కలిపే సూత్రం ఆర్డరు సంఖ్య. అది లేకపోతే ఇన్వాయిస్ ఏ ఆర్డరుకు సంబంధించినదో లెక్కలు చూసే వ్యక్తి నిర్ణయించలేడు.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. 2017 నాటి కేంద్ర జీఎస్టీ నియమావళిలోని 46వ నియమం ఇన్వాయిస్‌లో ఉండవలసిన అంశాలను పేర్కొన్నది. ఆ జాబితాలో ఆర్డరు సంఖ్య లేదు. కనుక ఈ ఇన్వాయిస్ అసత్యమూ కాదు, చెల్లనిదీ కాదు. సరిపోల్చడానికి వీలులేనిది మాత్రమే. అందువల్ల లేఖలో నిందకు తావుండరాదు. ఏది లోపించిందో, ఏది చేర్చాలో, ఏది మార్చరాదో స్పష్టంగా తెలపాలి.

మాదిరి లేఖ

కడియం,
20-11-2025.

ప్రేషకుడు :
కొనుగోళ్ల అధికారి,
నర్సరీ సంస్థ, కడియం.

గ్రహీత :
ఆర్థిక విభాగాధికారి,
పీచు కంపెనీ, అంబాజీపేట.

విషయం : 47వ సంఖ్య ఇన్వాయిస్‌లో కొనుగోలు ఆర్డరు వివరాలు చేర్చవలసిందిగా విజ్ఞప్తి.

ఆర్యా,

మీరు పంపిన 400 కొబ్బరి పొట్టు దిమ్మలు 14-11-2025న మాకు అందినవి. సరుకు విషయంలో ఎట్టి అభ్యంతరమూ లేదు. అయితే 13-11-2025 తేదీ గల మీ 47వ సంఖ్య ఇన్వాయిస్‌లో మా ఆర్డరు వివరాలు లేనందున మా లెక్కల విభాగం దానిని తిరస్కరించింది.

దయచేసి ఈ వివరాలు చేర్చగలరు : ఆర్డరు సంఖ్య 118, తేదీ 03-11-2025, ఆర్డరులోని రెండవ వరుస, 400 దిమ్మలు.

ఇన్వాయిస్ సంఖ్య, తేదీ, మొత్తం మార్చనవసరం లేదు. సవరించిన ప్రతిని 25-11-2025లోగా పంపినచో చెల్లింపునకు ఏర్పాటు చేయగలము. తిరస్కరణ పత్రం, ఆర్డరు ప్రతి జతచేయడమైనది.

భవదీయుడు,
కొనుగోళ్ల అధికారి.

ఈ లేఖలో 'రెండవ వరుస' అన్న మాట అనవసరంగా రాసినది కాదు. అదే ఆర్డరులో మొదటి వరుసలో పీచు తాళ్లు ఉన్నాయి. అవి ఇంకా రాలేదు. వరుస తెలపకపోతే దిమ్మల సొమ్ము తాళ్ల పద్దులో పడే అవకాశం ఉంది.

సంఖ్య మార్చవద్దని కోరడానికీ కారణం ఉంది. పాతది అలాగే ఉండగా కొత్త సంఖ్యతో మరొక ఇన్వాయిస్ రాస్తే, ఒకే సరుకు రెండుసార్లు అమ్మినట్లు లెక్క తేలుతుంది. అప్పుడు ఒకదానిని సరిచేయడానికి క్రెడిట్ నోటు ఇవ్వవలసి వస్తుంది. ప్రభుత్వ పోర్టల్‌లో ఈ-ఇన్వాయిస్‌గా నమోదైన దానిని 24 గంటలు గడిచిన తరువాత అక్కడ రద్దు చేయడం కుదరదు. అటువంటి సందర్భంలో ఆర్డరు వివరాలను ధ్రువీకరిస్తూ సంతకం చేసిన లేఖను పంపమని కోరవచ్చు.

గడువు తేదీ పేర్కొనడం కేవలం మర్యాద కోసం కాదు. నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమలు సరఫరా చేసిన సరుకుకు, ఒప్పందం ఉన్నప్పటికీ, స్వీకరించిన రోజు నుండి 45 రోజులకు మించకుండా సొమ్ము చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం చెబుతున్నది. గడువు దాటితే కొనుగోలుదారు వడ్డీ చెల్లించాలి. గడువు లెక్క సవరించిన ఇన్వాయిస్ అందిన రోజు నుండి కాక, సరుకు స్వీకరించిన రోజు నుండి మొదలవుతుంది. పై ఉదాహరణలో అది డిసెంబరు 29తో ముగుస్తుంది. అంబాజీపేటలో కూలీల వేతనాలు ఈ సొమ్ముతో ముడిపడి ఉంటే, కడియంలో వడ్డీ భారం ఈ తేదీతో ముడిపడి ఉంది. అందుకే లోపం కనిపించిన వెంటనే లేఖ రాయడం ఇరువురికీ అవసరం.

అభ్యాసం : పై ఆర్డరులోని పీచు తాళ్లు తరువాత అందినవి. వాటి ఇన్వాయిస్‌లో ఆర్డరు సంఖ్య ఉన్నది కాని, వరుస తప్పుగా పడినది. సవరణ కోరుతూ ఆర్థిక విభాగానికి లేఖ రాయండి.