తణుకులో ఫ్రిజ్, డాలస్‌లో ఓటీపీ

ఒక సంక్రాంతికి అమ్మకు ఫ్రిజ్ కొనిద్దామని ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. నేనుండేది డాలస్‌లో, అమ్మ ఉండేది తణుకు దగ్గర పల్లెటూళ్లో. మధ్యాహ్నం ఒంటిగంటకు బండి వచ్చింది. సరుకు అప్పగించాలంటే ఓటీపీ చెప్పాలి. అది ఆర్డర్ పెట్టిన నా ఫోన్‌కి వచ్చింది. అప్పుడు డాలస్‌లో రాత్రి ఒకటిన్నర, నేను నిద్రలో ఉన్నాను. అమ్మ ఎంత బతిమాలినా ఫ్రిజ్ వెనక్కి వెళ్లిపోయింది. పండక్కి ఇంట్లో ఫ్రిజ్ లేదు. డబ్బు తిరిగొచ్చింది కానీ రూపాయల్లో వచ్చి మళ్లీ డాలర్లుగా మారేసరికి కొంత తరిగింది.

ఇప్పుడు బరువైన వస్తువేదైనా తణుకులోని షాపులోనే కొంటున్నాను. వాట్సాప్ వీడియో కాల్‌లో మోడల్ చూపిస్తారు. ఆటోలో తెచ్చి, బిగించి, పాత స్టెబిలైజర్ పనికొస్తుందో లేదో చూసిపోతారు. జీఎస్టీ బిల్లు అమ్మ పేరు మీద, సీరియల్ నంబరుతో రాయించుకుంటాను. రేపు రిపేరుకి ఫోన్ చేయాల్సింది ఆమే కదా. ధర ఆన్‌లైన్ కంటే కాస్త ఎక్కువే పడొచ్చు. చెడిపోతే వెళ్లి అడగడానికి మనిషి ఉన్నాడన్న ధైర్యానికి ఆ తేడా నాకు ఎక్కువనిపించదు.

షాపుకి డబ్బు ఎలా పంపాలన్నదే ఒకప్పటి చిక్కు. 2023లో అమెరికా, బ్రిటన్, సింగపూర్, యూఏఈ సహా పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్ఆర్‌ఈ, ఎన్ఆర్‌ఓ ఖాతాలకు యూపీఐ పెట్టుకునే వీలొచ్చింది. మీ బ్యాంకు, మీరు వాడే యాప్ ఈ సౌకర్యం ఇస్తున్నాయో లేదో ముందే కనుక్కోండి. పిన్ కొట్టేముందు తెరమీద కనిపించే పేరు షాపుదో కాదో చూడండి. వేరే పేరు కనిపిస్తే ఆగి, షాపువాళ్లకి ఫోన్ చేయాలి. విదేశీ కార్డుతో కడితే చాలా కార్డులు మూడు శాతం దాకా అదనంగా తీసుకుంటాయి. రూపాయల్లోనా డాలర్లలోనా అని సైటు అడిగితే రూపాయలే ఎంచుకోవడం మేలు. డాలర్లు ఎంచుకుంటే మారకం రేటు వాళ్లు పెట్టిందే అవుతుంది.

చీరలు, పుస్తకాలు, మిక్సీ లాంటివి పెద్ద సైట్లలోనే కొంటాను. ముందు అమ్మవాళ్ల పిన్‌కోడ్ కొట్టి చూస్తాను. చిరునామాలో ఇంటి నంబరుతో పాటు రామాలయం ఎదురు అని రాసి, అమ్మ ఫోన్ నంబరే ఇస్తాను. పార్సిల్ వచ్చే రోజు కొత్త నంబరైనా ఫోన్ ఎత్తమని ముందే చెబుతాను.

కేకుల విషయంలో డాలర్లలో అమ్మే గిఫ్టు సైట్ల జోలికి వెళ్లను. వాటిలో చాలావరకు ఆర్డరు తీసుకుని ఊళ్లోని బేకరీకే అప్పగిస్తాయి. బొమ్మలో చూసిన కేకు ఒకటి, ఇంటికొచ్చేది ఒకటి. నేరుగా ఆ బేకరీకే ఫోన్ చేస్తే అమ్మకి బెల్లం కేకు కావాలని కూడా చెప్పుకోవచ్చు.