తప్పిపోయిన పిల్లి ఐదు వందల మీటర్లలోనే

2024 జూన్‌లో కాలిఫోర్నియాలోని సలీనస్ ఊరికి చెందిన దంపతులు తమ రెండు పిల్లుల్ని వెంటబెట్టుకుని యెల్లోస్టోన్ జాతీయ పార్కుకు విహారానికి వెళ్లారు. అక్కడికి చేరిన కాసేపటికే రెయిన్ బో అనే సయామీ పిల్లి దేనికో బెదిరి చెట్ల గుబుర్లలోకి పరుగు తీసింది. దానికిష్టమైన తిండీ ఆటబొమ్మలూ పట్టుకుని రోజుల తరబడి తిరిగినా కనబడలేదు. చివరికి అది లేకుండానే ఇంటిదారి పట్టారు. ఆగస్టులో వాళ్లకు మైక్రోచిప్ వివరాలు నమోదు చేసే సంస్థ నుంచి కబురొచ్చింది: పిల్లి రోజ్‌విల్‌లో దొరికిందని. ఆ ఊరు పార్కు నుంచి 1,200 కిలోమీటర్లకు పైనే, సొంత రాష్ట్రంలోనే ఉంది. వీధిలో తిరుగుతున్న పిల్లికి ఒకావిడ తిండి పెట్టి, జంతు సంరక్షణ కేంద్రంలో అప్పగించింది. వాళ్లు స్కానర్ పెట్టి చూస్తే నంబరు వచ్చింది. పిల్లి బరువు సగానికి దగ్గరగా తగ్గిపోయింది. అంత దూరం ఎలా వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇలాంటి కథ చదివితే పిల్లి తప్పిపోయిన వాళ్ల చూపు దూరాల మీదికి పోతుంది. ఊరంతా పోస్టర్లు అంటిస్తారు, వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఫొటో పెడతారు, పెంపుడు జంతువుల సంస్థలకు ఫోన్లు చేస్తారు. రెయిన్ బో వార్త అయింది అది అరుదు కాబట్టే. మామూలు పిల్లి చేసే పని వేరు. 1,210 పిల్లులు తప్పిపోయిన తీరును పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. అందులో దొరికిన పిల్లుల్లో నాలుగింట మూడొంతులు తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే కనబడ్డాయి. మొత్తం పిల్లుల్లో వందకు 34 మొదటి వారంలోనే ప్రాణాలతో దొరికాయి, ఏడాది గడిచేసరికి ఆ లెక్క 61కి చేరింది. మూడు నెలలు దాటాక దొరికినవి బహు కొద్ది. స్వయంగా కాళ్లతో తిరిగి, వంగి, తొంగి చూసి వెతికిన వాళ్లకే పిల్లి ఎక్కువగా దక్కిందని కూడా అందులో తేలింది.

కారణం పిల్లి స్వభావంలోనే ఉంది. ఎప్పుడూ ఇంట్లోనే ఉండే పిల్లి బయటపడితే దానికది స్వేచ్ఛలా అనిపించదు, తెలియని పిల్లుల, కుక్కల వాసనలతో నిండిన శత్రు ప్రదేశంలా అనిపిస్తుంది. మొదట కనబడిన ఇరుకు సందులో దూరి బిగుసుకుపోతుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. "నా గొంతు వింటే పలకదా?" అనుకుని పేరు పెట్టి పిలుచుకుంటూ వెళ్లిపోతారు. భయపడ్డ పిల్లి పలకదు. పలికితే తానున్న చోటు కుక్కకు తెలిసిపోతుంది మరి. యజమాని కాలు పక్కనే ఉన్నా కిక్కురుమనకుండా ఒకటి రెండు రోజులేమిటి, వారం పైన కూడా అలా కూర్చున్న పిల్లులున్నాయి.

ఒక ఇల్లు ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. గ్యాస్ సిలిండర్ కుర్రాడు వచ్చినప్పుడు తలుపు తీసి ఉంచారు. సాయంత్రానికి పిల్లి లేదు. ముందు ఇల్లే వెతకాలి. సోఫా అడుగున చిరిగిన గుడ్డలోంచి లోపలికి, అటక మీద పెట్టెల వెనక్కి, మూసేసిన బీరువాలోకి దూరిన పిల్లులు ఎన్నో. తర్వాత బాల్కనీ కింద నేల చూడాలి. పై అంతస్తు నుంచి పడిన పిల్లి చచ్చిపోయి ఉంటుందని ఆశ వదులుకోనక్కర్లేదు. న్యూయార్క్‌లో ఎత్తైన భవనాల నుంచి పడి ఆస్పత్రికి వచ్చిన 132 పిల్లుల మీద 1987లో ఒక పరిశోధన వెలువడింది, వాటిలో 90 శాతం బతికాయి. కాకపోతే దెబ్బ తగిలిన పిల్లి పడిన చోట ఉండదు, దగ్గర్లోని పొదలోకో కారు కిందికో పాకుతుంది.

ఇక మెట్లు. పై టెర్రస్ వరకు, కింద సెల్లార్ వరకు ప్రతి మలుపూ చూడాలి. వాటర్ ట్యాంకుల వెనక, మోటారు గది, జనరేటర్ పక్కన, వాచ్‌మన్ గది మంచం కింద, నెలల తరబడి కదలని కార్ల కింద. ఇంజిన్ మీద వెచ్చగా ఉంటుందని బానెట్ లోపలికి ఎక్కేవి కూడా ఉంటాయి కాబట్టి పొద్దున్నే బండి తీసేవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. పక్క ఫ్లాట్లలో "మా పిల్లి కనబడితే చెప్పండి" అంటే "అలాగేనండీ" అంటారు, అంతటితో సరి. వాళ్లు స్టోరు గది తలుపు తీసి చూడరు. "ఒక్క ఐదు నిమిషాలు నేనే వచ్చి మీ వాష్ ఏరియా చూసుకుంటానండీ" అని అడగడం మేలు. తాళం వేసి ఊరెళ్లిన ఇల్లు ఏదైనా ఉంటే ముందుగా అనుమానించాల్సింది దాన్నే. తలుపు వేసేముందు పిల్లి లోపలికి దూరి ఉంటే వాళ్లు తిరిగొచ్చేదాకా బందీయే. 2018 అధ్యయనంలో వేరే వాళ్ల ఇళ్లలో దొరికిన పిల్లులు కూడా తక్కువేమీ కాదు.

పగలు వెతికిన చోటే రాత్రి మళ్లీ వెతకాలి. అందరూ పడుకుని, బండ్ల చప్పుడు తగ్గాక టార్చి పట్టుకోవాలి. టార్చిని నడుం దగ్గర కాకుండా కంటి పక్కనే, చెంపకు ఆనించి పట్టుకుంటే పిల్లి కళ్లు తిప్పికొట్టే వెలుగు సూటిగా మన కంటికే వస్తుంది, కారు చక్రం వెనక రెండు పచ్చటి చుక్కలు మెరుస్తాయి. అలా కనబడగానే ఉరకకూడదు. నేల మీద కూర్చుని, నేరుగా దాని కళ్లలోకి చూడకుండా, రోజూ మాట్లాడే గొంతుతో మెల్లగా మాట్లాడుతూ వాసనొచ్చే చేపముక్క ముందుకు జరపాలి. అప్పటికీ రాకపోతే బోను పెట్టడమే మార్గం. లోపల తిండి, అది తొక్కగానే తలుపు పడే బోనులు జంతు సంస్థల దగ్గర అడిగితే దొరుకుతాయి. పెట్టినవాళ్లు దాన్ని మరిచిపోకూడదు, గంటా రెండు గంటలకోసారి చూస్తుండాలి. ఎండలో అసలు పెట్టకూడదు.

బయట తిరగడం అలవాటున్న పిల్లి సంగతి వేరు. అది రోజూ వచ్చే వేళకు రాలేదంటే ఏదో అడ్డం పడిందని అర్థం: ఎక్కడో ఇరుక్కుంది, దెబ్బ తగిలింది, కొత్త మగపిల్లి తరిమింది, లేదా ఎవరో చేరదీశారు. దానికి వెతుకులాట పరిధి పెంచాలి. పోస్టర్ బాగా పనికొచ్చేది ఇలాంటప్పుడే. పెద్ద ఫొటో, పెద్ద అక్షరాల్లో ఫోన్ నంబరు చాలు. ఒక గుర్తు మాత్రం పోస్టర్‌లో రాయకుండా దాచుకోవాలి, కడుపు మీద మచ్చ లాంటిది. "మీ పిల్లి మా దగ్గరుంది, ముందు డబ్బులు పంపండి" అని ఫోన్ చేసే మోసగాడిని ఆ మచ్చ గురించి అడిగితే తేలిపోతాడు.

ఇప్పటిదాకా చెప్పిన వెతుకులాటలో చిప్ పాత్ర ఏమీ లేదు. చిప్ ఉంటే పిల్లి ఎక్కడుందో ఫోన్‌లో కనబడుతుందని చాలామంది నమ్మకం. అది జీపీఎస్ కాదు, అందులో బ్యాటరీయే లేదు. బియ్యపు గింజంత గాజు గొట్టం, సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు. డాక్టరు దాన్ని లావుపాటి సూదితో భుజాల మధ్య చర్మం కిందికి ఎక్కిస్తారు. స్కానర్ దగ్గరికి తెస్తే, దాని తరంగాల శక్తితోనే చిప్ మేల్కొని 15 అంకెల నంబరు చెబుతుంది. పేరు, ఊరు, ఫోను ఏవీ అందులో ఉండవు. ఆ నంబరు పక్కన యజమాని వివరాలు ఎక్కడో ఒక జాబితాలో రాసి ఉంటేనే దానికి విలువ.

రాసి ఉంటే మాత్రం ఫలితం గట్టిగానే ఉంటుంది. అమెరికాలో 53 జంతు కేంద్రాల్లో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అక్కడికి వచ్చిన దిక్కులేని పిల్లుల్లో యజమానుల దగ్గరికి తిరిగి చేరేవి మామూలుగా వందకు రెండు కూడా లేవు. చిప్ ఉన్న పిల్లుల్లో అయితే 38 శాతానికి పైగా చేరాయి. మిగతావి ఎందుకు చేరలేదని చూస్తే అన్నిటికంటే ఎక్కువగా కనబడిన కారణం యజమాని ఫోన్ నంబరు తప్పు కావడం, లేదా పనిచేయకపోవడం. జాబితా నడిపే సంస్థే మాయమయ్యే ప్రమాదం కూడా ఉంది. 2025 మొదట్లో అమెరికాలో అలాంటి కంపెనీ ఒకటి ఉన్నట్టుండి మూతపడటంతో దానిలో నమోదైన వాళ్లందరూ అదే చిప్ నంబరును ఇంకో చోట మళ్లీ నమోదు చేసుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి 20 వారాలు దాటిన పెంపుడు పిల్లులకు చిప్ తప్పనిసరి. లేదని తేలితే 21 రోజుల గడువిస్తారు, అప్పటికీ వేయించకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా.

మన దగ్గర పరిస్థితి వేరు. దేశమంతటికీ కలిపి ఒకే జాబితా లేదు. స్కానర్ ఉన్న ఆస్పత్రులు నగరాల్లోనే ఎక్కువ. వీధిలో పిల్లిని చూసిన మనిషి దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి స్కాన్ చేయిస్తాడన్న ఆశ తక్కువ. అందుకని ఇక్కడ ముందు అక్కరకొచ్చేది మెడలో పట్టీకి వేలాడే ట్యాగ్. స్కానర్ అవసరం లేదు, పక్కవీధి కిరాణా కొట్టాయన కూడా చదివి ఫోన్ చేయగలడు. ట్యాగ్ మీద పిల్లి పేరు కంటే రెండు ఫోన్ నంబర్లు ముఖ్యం. పట్టీ కొనేటప్పుడు మాత్రం గట్టిగా లాగితే తనంతట తానే ఊడిపోయే బకిల్ ఉన్నదే చూసుకోవాలి. 538 పిల్లులకు పట్టీలు కట్టి ఆరు నెలలు గమనించిన పరిశోధనలో నాలుగింట మూడొంతులు బాగానే అలవాటు పడ్డాయి, కానీ 18 పిల్లులకు పట్టీ దేనికో తగులుకోవడమో, ముందుకాలో నోరో అందులో ఇరుక్కోవడమో జరిగింది. బిగించాక పట్టీకీ మెడకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. ఊడే పట్టీ ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది కనుకే చర్మం కింద చిప్ కూడా ఉండాలంటారు డాక్టర్లు. ఆ పరిశోధనలోనే చివర్లో స్కాన్ చేసిన 478 పిల్లుల్లో ఒక్కదాని చిప్ మాత్రమే పనిచేయలేదు.

పిల్లితో సహా విదేశాలకు వెళ్లే తెలుగు కుటుంబాలకు చిప్ మరో రకంగా తగులుతుంది. బ్రిటన్‌కో ఐరోపా దేశాలకో ఇక్కడి నుంచి తీసుకెళ్లాలంటే ముందు చిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. టీకా వేశాక కనీసం 30 రోజులకు రక్త పరీక్ష, ఆ రక్తం తీసిన నాటి నుంచి మూడు నెలల నిరీక్షణ. చిప్ కంటే ముందు వేసిన టీకాను లెక్కలోకి తీసుకోరు, అంతా మొదటికొస్తుంది.

చిప్ వేయించిన వాళ్లు డాక్టరు అతికించిన నంబరు స్టిక్కరును టీకాల పుస్తకంతో పాటు ఫోన్‌లో ఫొటో తీసి కూడా ఉంచుకోవాలి. ఏటా టీకాకు వెళ్లినప్పుడు ఒకసారి స్కాన్ చేయమని అడగాలి. చిప్ కొన్నిసార్లు భుజం మీదుగా కిందికి జారుతుంది కాబట్టి వీపు ఒక్కటే కాకుండా మెడ పక్కలా, ముందుకాళ్ల పైభాగమూ చూడమనాలి. సిమ్ కార్డు మారిన రోజే జాబితాలో నంబరు కూడా మార్చుకోవాలి.