హోమ్ లోన్ ముందే కట్టేయాలా, ఫండ్‌లో పెట్టాలా? ఒక 5 లక్షల లెక్క



ఈమధ్య పేరెంట్స్ మీటింగ్‌లో మా 8వ తరగతి పాప ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక కూడా వాళ్ల నాన్నగారు కుర్చీలోంచి లేవలేదు. "మేడమ్, మీరు లెక్కల టీచర్ కదా, ఒక లెక్క అడగొచ్చా?" అన్నారు. ఊళ్లో స్థలం అమ్మితే తన వాటాకి 5 లక్షలు వచ్చాయట. మియాపూర్ ఫ్లాట్ మీద ఇంకా 30 లక్షల లోన్ ఉంది. వడ్డీ 8.5 శాతం, ఇంకా 15 ఏళ్లు కట్టాలి, ఈఎంఐ 29,542 రూపాయలు. ఆ 5 లక్షలు లోన్‌కి కట్టేద్దామని ఇంట్లో ఆవిడ అంటున్నారు. మ్యూచువల్ ఫండ్‌లో పెట్టమని ఆఫీసులో స్నేహితుడు చెబుతున్నాడు.

స్నేహితుడి వాదన ఇది: "8.5 శాతంలో 30 శాతం ట్యాక్స్ రూపంలో వెనక్కి వస్తుంది. అంటే లోన్ నీకు పడేది 6 శాతం కూడా కాదు. ఫండ్ 12 శాతం ఇస్తుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?"

నేను ఫైనాన్షియల్ అడ్వైజర్‌ని కాదు. కానీ ఈ లెక్కలో ఉన్నది మనం 8వ తరగతిలో చెప్పే చక్రవడ్డీయే. కాకపోతే లెక్క మొదలుపెట్టే ముందు ఆ 6, ఆ 12 ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి.

ఆ 6 శాతం నిజమేనా?

నేను ఆ సార్‌ని మొదట అడిగింది ఒక్కటే: "మీరు పాత పన్ను విధానంలో ఉన్నారా, కొత్తదానిలోనా?" రెండేళ్ల క్రితమే కొత్తదానికి మారారట. మనం ఉంటున్న ఇంటి లోన్ వడ్డీకి కొత్త విధానంలో మినహాయింపు లేదు. కాబట్టి ఆయనకు లోన్ ఖరీదు పూర్తిగా 8.5 శాతమే. స్నేహితుడి 6 శాతం అక్కడే పోయింది. జీతం మీద బతికే మనలో చాలామంది ఇప్పుడు ఈ విధానంలోనే ఉన్నాం. అయినా "లోన్ ఉంటే ట్యాక్స్ కలిసొస్తుంది" అనే పాత మాట మాత్రం నోట్లోంచి పోలేదు.

పాత విధానంలో ఉన్నవాళ్లకు కూడా లెక్క అంత సూటిగా ఉండదు. సొంతంగా ఉంటున్న ఇంటికి ఏడాదికి 2 లక్షల వడ్డీ దాకానే మినహాయింపు. 30 లక్షల లోన్‌కి మొదటి ఏడాది వడ్డీ దాదాపు 2.51 లక్షలు. అంటే పైనున్న 51 వేలకు ట్యాక్స్‌లో పైసా కూడా తిరిగి రాదు. 5 లక్షలు ముందే కడితే ఆ ఏడాది తగ్గే వడ్డీ దాదాపు 42 వేలు. తగ్గేది ఆ మినహాయింపు రాని వడ్డీయే! కాబట్టి మొదటి ఏడాది పాత విధానంలో కూడా ఆ 5 లక్షల ఖరీదు 8.5 శాతమే.

8.5 శాతం దగ్గర 2 లక్షల వడ్డీ పడేది సుమారు 23.5 లక్షల బాకీకి. ఒక్కరి పేరు మీదే లోన్ ఉంటే ఈ అంకెను ఒక గీతలా అనుకోండి. బాకీ గీతకు పైన ఉన్నంత వరకు ముందే కట్టే ప్రతి రూపాయీ పూర్తి 8.5 శాతం ఆదా చేస్తుంది. గీత కిందికి దిగాక, 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు సెస్‌తో కలిపి 31.2 శాతం ట్యాక్స్ తగ్గుతుంది కాబట్టి, ఖరీదు 5.85 శాతానికి వస్తుంది. మన ఉదాహరణలో 5 లక్షలు కట్టేస్తే ఏడాది తిరిగేసరికి బాకీ ఆ గీత దగ్గరికి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆదా మెల్లగా పలచబడుతుంది. భార్యాభర్తలిద్దరూ ఇంటికి యజమానులై, లోన్‌లోనూ ఇద్దరూ ఉండి, ఇద్దరూ పన్ను కట్టేవాళ్లయితే చెరొక 2 లక్షల పరిమితి ఉంటుంది. వాళ్లకు మొత్తం వడ్డీ మినహాయింపులోకి వస్తుంది, స్నేహితుడి 6 శాతం వాదన నిజంగా వర్తించేది వాళ్లకే. అద్దెకిచ్చిన ఇంటి లెక్క వేరు, ఇక్కడ దాని జోలికి వెళ్లడం లేదు.

పాత విధానంలో అసలుకి కట్టిన సొమ్ముకు మినహాయింపు ఉంది కదా అని ఒకరిద్దరు అడిగారు. ఉంది, కానీ అన్నీ కలిపి లక్షన్నర వరకే. పీఎఫ్, ఎల్‌ఐసీ, ఇద్దరు పిల్లల దాకా ట్యూషన్ ఫీజు (బస్ ఫీజు కాదు), ఈఎంఐలోని అసలు కలిపితే చాలా ఇళ్లలో అది ఎప్పుడో నిండిపోయి ఉంటుంది.

130వ నెలలో ఎవరి దగ్గర ఎంత?

ఇప్పుడు ఆ సార్ లెక్కకే వద్దాం. కొత్త విధానం, ఖరీదు 8.5. 5 లక్షలు కట్టి, ఈఎంఐ మాత్రం అదే 29,542 కొనసాగిస్తే లోన్ ఎన్ని నెలల్లో తీరుతుంది? కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరిచి ఇది టైప్ చేయండి:

```
=NPER(8.5%/12,-29542,2500000)
```

129.6 అని వస్తుంది. 180 నెలల లోన్ 130 నెలల్లో అయిపోతుంది. మొత్తం మీద తగ్గే వడ్డీ సుమారు 9.9 లక్షలు.

ఈ 9.9 లక్షలు చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఫండ్ వైపువాళ్లు 15 ఏళ్ల తర్వాత 5 లక్షలు 27 లక్షలవుతాయని ఇంకో పెద్ద అంకె చూపిస్తారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టకూడదు, ఎందుకంటే అవి వేర్వేరు సమయాల్లో చేతికి వచ్చే డబ్బులు. పోల్చాలంటే ఇద్దరినీ ఒకే రోజున నిలబెట్టాలి. 130వ నెల అందుకు సరిపోతుంది. ఆ రోజు ముందే కట్టినాయనకు బాకీ సున్నా. ఫండ్‌లో పెట్టినాయనకు ఇంకా 50 ఈఎంఐలు మిగిలి ఉంటాయి. అప్పటి బాకీ సుమారు 12.4 లక్షలు. కాబట్టి ప్రశ్న ఇలా మారుతుంది: ఆ రోజు ఫండ్ అమ్మి, పన్ను కట్టి, ఆ 12.4 లక్షలు తీర్చగలరా? తీర్చి ఏమైనా మిగులుతుందా?

ఈక్విటీ ఫండ్‌ను ఏడాది దాటాక అమ్మితే, ఆ ఏడాది లాభంలో 1.25 లక్షలు పోను మిగతాదాని మీద 12.5 శాతం పన్ను, దాని మీద సెస్. అది తీసేస్తే, ఫండ్ ఏటా 12 శాతం పెరిగి ఉంటే చేతికి సుమారు 15.6 లక్షలు వస్తాయి. బాకీ తీర్చి 3 లక్షలకు పైగా మిగులుతుంది. 10 శాతమే పెరిగితే 13 లక్షలు వస్తాయి, మిగిలేది అర లక్ష. 8 శాతం అయితే 10.8 లక్షలే, బాకీ తీరడానికి లక్షన్నర చేతి నుంచి వేయాలి. రెండూ సమానమయ్యేది 9.5 శాతం దగ్గర. అంటే 8.5 శాతం లోన్‌ను దాటడానికి ఫండ్‌కు 8.6 చాలదు, పన్ను కట్టాల్సి ఉంటుంది కాబట్టి కనీసం 9.5 పైన రావాలి.

మరి ఆ 12 ఎవరిచ్చారు?

లోన్ కట్టేస్తే వచ్చే 8.5 ఖాయం. అది వడ్డీ రేటుతో పాటు మారుతుందే తప్ప మార్కెట్‌తో ఊగదు. ఫండ్ 12 మాత్రం ఆశ. 2020 జనవరి నుంచి మార్చి 23 లోపు నిఫ్టీ 38 శాతం దాకా పడిపోయింది. 2008లో ఆ ఒక్క ఏడాదే సగానికి పైగా పోయింది. రెండుసార్లూ తర్వాత కోలుకుంది, నిజమే. కానీ మన 130వ నెల అలాంటి మార్చి నెలలో వచ్చి పడితే?

అందుకే యాప్‌లో కనిపించే గత ఏడాది, గత మూడేళ్ల రాబడి చూసి అంకె వేసుకోకండి. ఆ ఫండ్‌ది, లేదా దాని ఇండెక్స్‌ది, పదేళ్ల రోలింగ్ రిటర్న్స్ చూడండి. అంటే ఏ రోజు మొదలుపెట్టినా ఆ తర్వాతి పదేళ్లలో ఎంత వచ్చిందో చెప్పే వరస. అందులో బాగా వచ్చిన పదేళ్లను పక్కన పెట్టి, తక్కువ వచ్చిన పదేళ్ల మీద కన్ను వేయండి. ఆ తక్కువ అంకె 9.5 కంటే కింద ఉంటే మీరు తీసుకుంటున్న రిస్క్ అదే. నా మట్టుకు నేనైతే 10 లేదా 11తోనే లెక్క వేసుకుంటాను. ఆ లెక్కన ఫండ్ గెలిచినా పెద్ద తేడాతో గెలవదు. పదకొండేళ్ల ఒడిదుడుకులకు అది సరిపోతుందా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే. అదే ఖరీదు 5.85 ఉన్న ఉమ్మడి లోన్‌వాళ్లయితే నేను కూడా ఫండ్ వైపే మొగ్గుతాను.

ఎఫ్‌డీల విషయంలో ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. 7 శాతం ఎఫ్‌డీ మీద 31.2 శాతం పన్ను పోతే మిగిలేది 4.8. కొత్త విధానంలో 8.5 శాతం లోన్ పెట్టుకుని, అవసరానికి మించి ఎఫ్‌డీలో దాచుకోవడం నష్టమే.

ఆ "అవసరం" మాత్రం ముందు పక్కన పెట్టాలి. లోన్‌కి కట్టిన డబ్బు మళ్లీ రాదు. ఈ నెల 5 లక్షలు కట్టాం కదా అని వచ్చే నెల ఈఎంఐ ఆగదు. ఉద్యోగం పోతే ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు, జూన్‌లో టర్మ్ ఫీజు ఎక్కడి నుంచి వస్తాయో తేలాకే మిగిలినదాన్ని మిగులు అనాలి. ఆ సార్‌కి 4 లక్షల ఎఫ్‌డీ విడిగా ఉంది కాబట్టి ఆయన 5 లక్షలు నిజంగా మిగులే. ఈ భయం ఎక్కువ ఉన్నవాళ్లకు కొన్ని బ్యాంకుల్లో ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి హోమ్ లోన్ ఉంటుంది. అందులో వేసిన డబ్బుకు వడ్డీ తగ్గుతుంది, కావాలంటే మళ్లీ తీసుకోవచ్చు. రేటు కాస్త ఎక్కువ ఉంటుంది, అడిగి చూడండి.

బ్యాంకు కౌంటర్ దగ్గర

వ్యక్తుల పేరు మీదున్న ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌ను ముందే కడితే జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఫిక్స్‌డ్ రేటు అయితే అగ్రిమెంట్ చూసుకోండి.

అసలు పొరపాటు ఇంకోచోట జరుగుతుంది. ముందే కట్టిన డబ్బుతో బ్యాంకు రెండు పనుల్లో ఏదైనా చేయొచ్చు: గడువు తగ్గించొచ్చు, లేదా గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించొచ్చు. మన ఉదాహరణలో ఈఎంఐ తగ్గిస్తే అది 24,618 అవుతుంది. నెలకు 4,900 చేతిలో మిగులుతుంది, కానీ మొత్తం వడ్డీ ఆదా 9.9 లక్షలకు బదులు 3.9 లక్షలే. ఆ 4,900ను ప్రతి నెలా మళ్లీ లోన్‌కే కడితే తేడా ఉండదు. కానీ అలా కట్టేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. కాబట్టి గడువే తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. కట్టిన వారంలో కొత్త రీపేమెంట్ షెడ్యూల్ తీసుకుని చివరి కిస్తీ తేదీ చూడండి.

ఆ సార్, వాళ్లావిడ ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని, 5 లక్షలూ లోన్‌కే కట్టారు. ఈ నెల మీటింగ్‌కి ఆవిడ వచ్చారు, షెడ్యూల్ కాగితం తెచ్చారు. ఈఎంఐ 24,618 అని ఉంది, కిస్తీలు అదే 180. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మర్నాడే వెళ్లి దరఖాస్తు ఇచ్చి మార్పించుకున్నారట. కొత్త కాగితంలో చివరి కిస్తీ 130వ నెలలో ఉంది.