మూడు లూపులు, ఒక మోటారు

బల్ల మీద ఒక చిన్న డీసీ మోటారు, దాని ముందు ఒక ఆంప్లిఫయర్ ఉన్నాయనుకుందాం. ఆంప్లిఫయర్‌కి 1 వోల్టు కమాండ్ ఇస్తే మోటారు చివరికి ఎంత వేగంతో తిరుగుతుంది? ఆ వేగం అందుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఈ రెండింటికీ కలిపి జవాబు చెప్పే ఒకే ఒక భిన్నాన్ని ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ అంటారు. దాన్ని రాబట్టడానికి ఇంజనీరింగ్ కాలేజీల్లో రెండు దారులు నేర్పుతారు. ఒకటి బ్లాక్ డయాగ్రమ్‌ని మెల్లమెల్లగా కుదించడం, రెండోది మేసన్ గెయిన్ ఫార్ములా. పరీక్ష అయ్యాక చాలామంది రెండింటినీ మరిచిపోతారు. ఒక్క మోటారును పట్టుకుని చివరిదాకా లెక్క చేస్తే మాత్రం మరిచిపోవడం కష్టం.

మన మోటారు సంగతులు ఇవి. ఆంప్లిఫయర్ తన దగ్గరికి వచ్చిన వోల్టేజీని 10 రెట్లు చేస్తుంది. మోటారు వైండింగ్ నిరోధం 2 ఓములు, కాబట్టి వోల్టేజీని 0.5తో గుణిస్తే కరెంట్ వస్తుంది. ఒక్కో ఆంపియర్‌కి 0.1 న్యూటన్ మీటర్ల టార్క్ పుడుతుంది. రోటర్ జడత్వం 0.01, కాబట్టి టార్క్ నుంచి వేగానికి వెళ్లే బ్లాకులో 100/s అని రాస్తాం. ఇక్కడ 1/s అంటే కాలంతో పాటు కూడబెట్టడం అని అర్థం. టార్క్ అందుతున్న కొద్దీ వేగం పోగవుతూ ఉంటుంది.

ఇంతవరకూ ఇది ఒకే వరస, చిక్కేమీ లేదు. చిక్కంతా వెనక్కి తిరిగే తీగల దగ్గర. మొదటిది మనం కావాలని పెట్టినది: కరెంట్‌ని కొలిచి, ఆంపియర్‌కి 0.2 వోల్టు చొప్పున ఆంప్లిఫయర్ ముందు కమాండ్‌లోంచి తీసేస్తాం. స్టార్టింగ్‌లో కరెంట్ ఎగబాకకుండా ఇదొక కళ్ళెం. రెండోది ఎవరూ పెట్టనిది: తిరిగే మోటారు తనే ఒక జనరేటర్‌గా మారి, వేగంలో ప్రతి రేడియన్‌కి 0.1 వోల్టు చొప్పున ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. అది ఆంప్లిఫయర్ తర్వాత, వైండింగ్ ముందు తగ్గుతుంది. మూడోది రాపిడి: వేగంలో ప్రతి రేడియన్‌కి 0.02 న్యూటన్ మీటర్ల టార్క్‌ని అది తినేస్తుంది.

కాగితం మీద గీసి చూడండి. కరెంట్ లూపు ఆంప్లిఫయర్ ముందు మొదలై కరెంట్ దగ్గర ముగుస్తుంది. ఎదురు వోల్టేజీ లూపు ఆంప్లిఫయర్ తర్వాత మొదలై వేగం దగ్గర ముగుస్తుంది. ఒకటి రెండోదాని కడుపులో లేదు. గొలుసు కొక్కేల్లా ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

కుదించే పద్ధతికి మూలసూత్రాలు మూడే. వరసగా ఉన్న బ్లాకుల్ని గుణించు. పక్కపక్కన ఉన్నవాటిని కూడు. ముందుకు G, వెనక్కి H ఉన్న లూపుని G/(1+GH) అనే ఒకే బ్లాకుగా మార్చు. ముందు రాపిడి లూపు పని పడదాం. ముందుకు 100/s, వెనక్కి 0.02, కాబట్టి 100/(s+2) వస్తుంది. హాయిగా ఒక లూపు పోయింది. ఇక మిగిలిన రెండూ ఇరుక్కున్నవే, మూలసూత్రాలు వాటిమీద పనిచేయవు.

ఇక్కడే నాలుగో ఎత్తు కావాలి: సిగ్నల్‌ని తీసుకునే చోటును, అంటే టేక్-ఆఫ్ పాయింటును జరపడం. కరెంట్ దగ్గర తీసుకుంటున్న తీగని వేగం దగ్గరికి జరుపుదాం. కానీ తీగలో పారే విలువ మారకూడదు. కరెంట్ నుంచి వేగానికి వెళ్లేలోగా అది 0.1తోనూ, 100/(s+2)తోనూ, అంటే మొత్తం 10/(s+2)తో గుణించబడింది. కాబట్టి జరిపిన తీగలో అంతతో భాగించాలి. 0.2 ఉన్నచోట ఇప్పుడు 0.02(s+2) ఉంటుంది.

ఇక్కడ తప్పు చేయని విద్యార్థి అరుదు. టేక్-ఆఫ్ పాయింటుని బ్లాకు దాటించి ముందుకు జరిపితే భాగించాలి. సమ్మింగ్ పాయింటుని, అంటే సిగ్నళ్లు కలిసే చోటుని ముందుకు జరిపితే గుణించాలి. రెండింటికీ తిరకాసు నియమాలు. వాటిని కంఠస్థం పట్టే బదులు ఒకే ప్రశ్న వేసుకుంటే చాలు: జరపకముందు ఈ తీగలో ఏముందో, జరిపాక కూడా అదే ఉందా? మరో మాట, టేక్-ఆఫ్ పాయింటునీ సమ్మింగ్ పాయింటునీ పక్కపక్కన ఉన్నాయి కదా అని తారుమారు చేయకూడదు. కలవకముందు సిగ్నల్ వేరు, కలిశాక వేరు.

తీగ జరిపాక దారి సుగమం. ఎదురు వోల్టేజీ లూపులో ముందుకు 5/(s+2), వెనక్కి 0.1. అది 5/(s+2.5) అవుతుంది. బయట మిగిలిన లూపులో ముందుకు 50/(s+2.5), వెనక్కి 0.02(s+2). దాన్నీ కుదిస్తే 50/(2s+4.5), అంటే 25/(s+2.25). ఇదే జవాబు. s బదులు సున్నా పెడితే నిలకడ వేగం వస్తుంది: వోల్టుకి 11.11 రేడియన్లు. టైమ్ కాన్‌స్టెంట్ 1/2.25, అంటే 0.44 సెకను.

ఇప్పుడు మేసన్ దారి. శామ్యూల్ మేసన్ అమెరికాలోని ఎంఐటీ వాడు. 1953లో సిగ్నల్ ఫ్లో గ్రాఫుల గురించి, 1956లో వాటి మరికొన్ని ధర్మాల గురించి వ్యాసాలు రాశాడు. గెయిన్ ఫార్ములా ఆ పనిలోదే. ఇదే ఫార్ములాను క్లాడ్ షానన్ అంతకు ముందే, 1942లో, యుద్ధకాలపు రహస్య నివేదికలో రాబట్టాడు. అది బయటివాళ్ల కంటపడలేదు కాబట్టి పేరు మేసన్‌కే దక్కింది.

మేసన్ దేన్నీ జరపమనడు, లూపుల్ని లెక్కపెట్టమంటాడు. ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కి వెళ్లే ప్రతి ముందుదారి గెయిన్ P. మొత్తం గ్రాఫుకి ఒక Δ. ఫార్ములా ఇది:

T = Σ Pk Δk / Δ

Δ కట్టే పద్ధతి ఇలా. 1తో మొదలుపెట్టు. అన్ని లూపుల గెయిన్లనూ తీసెయ్. ఒకదాన్నొకటి తాకని లూపుల జతలు ఉంటే వాటి లబ్ధాల్ని కూడు. పరస్పరం తాకని మూడేసి ఉంటే వాటి లబ్ధాల్ని మళ్లీ తీసెయ్. తాకడం అంటే ఒక్క నోడునైనా పంచుకోవడం. నోడు అంటే ఒక సిగ్నల్, అంటే ఆ చోట ఉన్న వోల్టేజీ, కరెంట్, టార్క్ లాంటివి.

మన లూపులు మూడు. వెనక్కి వచ్చి తగ్గేవే కాబట్టి మూడూ రుణాత్మకమే. కరెంట్ లూపు: 10, 0.5, 0.2 గుణిస్తే −1. ఎదురు వోల్టేజీ లూపు: 0.5, 0.1, 100/s, 0.1 గుణిస్తే −0.5/s. రాపిడి లూపు: 100/s, 0.02 గుణిస్తే −2/s. ఇందులో కరెంట్ లూపు విద్యుత్ వైపే తిరుగుతుంది, రాపిడి లూపు యాంత్రిక భాగంలోనే తిరుగుతుంది. వీటికి ఉమ్మడి నోడు లేదు. ఎదురు వోల్టేజీ లూపు మాత్రం ఇద్దరింటా చుట్టం, రెండింటినీ తాకుతుంది. కాబట్టి తాకని జత ఒక్కటే, దాని లబ్ధం 2/s.

Δ = 1 + 1 + 0.5/s + 2/s + 2/s = 2 + 4.5/s

ముందుదారి ఒక్కటే: 10, 0.5, 0.1, 100/s గుణిస్తే 50/s. ఈ దారి మూడు లూపుల్నీ తాకుతుంది కాబట్టి దాని Δk విలువ 1. భాగిస్తే 50/(2s+4.5). అదే జవాబు, తీగ జరపకుండానే.

నూటికి తొంభై తప్పులు ఆ తాకని జత దగ్గరే జరుగుతాయని నా నమ్మకం. దాన్ని మరిచిపోతే 25/(s+1.25) వస్తుంది, నిలకడ వేగం 20 అంటుంది. చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది. పట్టుకోవడం ఎలా? నిలకడ స్థితిలో వెనక్కి నడవండి. వేగం 20 అయితే రాపిడికి 0.4 టార్క్ కావాలి, అంటే కరెంట్ 4 ఆంపియర్లు. ఆ కరెంట్‌కి వైండింగ్‌లో 8 వోల్టులు, ఎదురు వోల్టేజీ 2, మొత్తం 10 వోల్టులు ఆంప్లిఫయర్ ఇవ్వాలి. కానీ ఆంప్లిఫయర్ ముందు 1లోంచి 0.8 పోతే మిగిలేది 0.2, పదింతలు చేస్తే 2 వోల్టులే. 2 ఎక్కడ, 10 ఎక్కడ? 11.11తో ఇదే నడక నడిస్తే రెండు వైపులా 5.56 వోల్టులు వస్తాయి.

మేసన్ అసలు బలం రెండో ప్రశ్న దగ్గర తెలుస్తుంది. మోటారు షాఫ్టుకి బరువు తగిలిస్తే వేగం ఎంత పడిపోతుంది? కుదించే పద్ధతిలో డయాగ్రమ్‌ని మళ్లీ మొదటినుంచి గీయాలి. మేసన్‌కి Δ పాతదే. మారేది ముందుదారి: బరువు టార్క్ నుంచి వేగానికి −100/s. ఈ దారి కరెంట్ లూపుని తాకదు, మిగతా రెండింటినీ తాకుతుంది. కాబట్టి Δk అంటే కరెంట్ లూపు ఒక్కటే ఉన్న గ్రాఫు Δ, అంటే 1 + 1 = 2. ఫలితం −100/(s+2.25). బరువు 0.01 న్యూటన్ మీటర్ అయితే వేగం 0.44 రేడియన్ పడిపోతుంది. కరెంట్ తీగ తీసేసి ఇదే లెక్క వేస్తే పడేది 0.40. అంటే స్టార్టింగ్ కరెంట్‌ని అదుపులో పెట్టినందుకు బరువు దగ్గర మోటారు కాస్త మెత్తబడుతుంది. ఆ తీగ వైండింగ్ నిరోధాన్ని 2 ఓముల నుంచి 4 ఓములకు పెంచినట్టే పనిచేస్తుంది మరి. డయాగ్రమ్‌ని కుదించేస్తే ఈ సంగతి ఎక్కడో బ్లాకుల్లో కరిగిపోతుంది. మేసన్ లెక్కలో ఆ 2 కళ్లెదుటే ఉంటుంది.

అయితే ఇరవై లూపులున్న గ్రాఫుని చేత్తో మేసన్‌కి అప్పగించమని నేను చెప్పను. తాకని జతలు, మూడేసి గుంపులు వెతుక్కునేలోగా తెల్లారుతుంది. అలాంటప్పుడు సమీకరణాలు రాసి కంప్యూటర్‌కి ఇవ్వడమే మేలు. మూడు నాలుగు లూపుల వరకూ మేసన్‌ది పైచేయి. ఒకదాని లోపల ఒకటి చక్కగా అమరిన లూపులైతే కుదించడమే తేలిక.

రెండు పద్ధతులకీ ఒక షరతు ఉంది. ప్రతి బ్లాకు సరళంగా ఉండాలి, ఇన్‌పుట్ రెట్టింపైతే అవుట్‌పుట్ కూడా రెట్టింపు కావాలి. మన ఆంప్లిఫయర్‌కి 12 వోల్టుల సరఫరా మాత్రమే ఉందనుకోండి. కమాండ్ సుమారు 2.16 వోల్టుల దాకా ఫార్ములా చెప్పినట్టే నడుస్తుంది. 3 వోల్టులు ఇస్తే ఫార్ములా 33.3 రేడియన్ల వేగం అంటుంది, దానికి 16.7 వోల్టులు కావాలి, అవి లేవు. 12 వోల్టులతో ఈ మోటారు 24 రేడియన్ల దగ్గర ఆగిపోతుంది, కమాండ్ 3 ఇచ్చినా, 5 ఇచ్చినా.