టైలరు చీటీలో 40, ఫోనులో 30

మన తిరుత్తంగల్‌లో నేను ఇంట్లోనే మిషను పెట్టుకొని ప్యాంట్లు ఆల్టర్ చేస్తాను. ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకున్న ప్యాంట్లు ఈమధ్య ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో చాలావరకు తప్పు కుట్టులో ఉండదు, కొలతలో ఉంటుంది.

మన టైలరు పొడవును నడుము పట్టీ నుంచి కాలి పక్కగా కింది దాకా కొలుస్తాడు. ఫోనులో Inseam అని ఉండేది కాళ్ళ మధ్య కుట్లు కలిసే చోటు నుంచి లోపలి కుట్టు వెంబడి కింది మడత దాకా. రెండూ వేరు. పక్కింటి వదిన కొడుకు రాజపాళ్యం నూలు మిల్లుకు పోతాడు. వాడి టైలరు చీటీలో నడుము 32, పొడవు 40. ఫోనులో 30, 32, 34 మాత్రమే ఉంటే, "40కి దగ్గర 34యే కదా అత్తా" అన్నాడు.

"నీకు బాగా సరిపోయే పాత ప్యాంటు తే నాయనా" అన్నాను. బొత్తాము పెట్టి, నేలమీద ముడతలు లేకుండా పరిచాము. నడుము పట్టీ ముందంచు, వెనకంచు కలిపి అడ్డంగా కొలిస్తే 16 అంగుళాలు. దానికి రెండింతలు 32. లోపలి కుట్టు 30. కుట్లు కలిసే చోటు నుంచి ముందు పట్టీ పైఅంచు దాకా 11. దీన్నే Rise అంటారు. 30, 11 కూడితే 41 కదా, చీటీలో 40 ఉందేమని అడిగాడు. ముందు కుట్టు వంపుగా పోతుంది, అందుకే ఆ అంగుళం ఎక్కువ. కాబట్టి చీటీలోంచి తీసివేసి లెక్క కట్టకుండా, టేపు పెట్టి చూడటమే మేలు.

వాడు ఎంచుకున్న ప్యాంటుకు Rise 9 మాత్రమే. అంటే పట్టీ రెండు అంగుళాలు కిందికి, తుంటి మీద కూర్చుంటుంది. అక్కడ టేపు చుట్టి చూస్తే వాడి ఒళ్ళు 34. 32 తీసుకుంటే పిసికేస్తుంది, మిషను దగ్గర వంగితే వెనక జారుతుంది. చివరికి Rise 11, నడుము 32, Inseam 30 ఉన్నదే తెప్పించాడు. పట్టికలో To Fit Waist అని ఉంటే అది ఒంటి కొలత, ప్యాంటు కొలత కాదు. అదీ చూసుకోండి.

పొడవు ఎక్కువైతే నేను తగ్గించగలను. కానీ నాలుగంగుళాలు కోస్తే మోకాలి దగ్గర ఉండాల్సిన సన్నం కిందికి దిగిపోతుంది. టైలరు కుట్టిన ప్యాంటుకు వెనక కుట్టులో బట్ట వదిలి ఉంటుంది, నడుము విప్పవచ్చు. జీన్సుకు ఆ బట్ట ఉండదు. Rise తక్కువైతే పెంచడానికి దారే లేదు, అందుకే ముందు అదే చూడాలి.

ఇంకొకటి. నూలు ప్యాంటును ఒకసారి ఉతికి ఆరబెట్టిన తర్వాతే మడత వేయించండి. ముందే వేస్తే, ఉతికాక కుదించుకొని చీలమండ పైకి పోతుంది.